నోట్సులో చేసి ఉన్న లెక్కను పిల్లలు చేసే లెక్కగా మార్చడం: తరుగుదల అధ్యాయంతో ఒక సమగ్ర మార్గదర్శి

మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో పదకొండో తరగతి కామర్స్ పిల్లలకు అకౌంట్స్ చెప్పేవాళ్లందరికీ ఈ మాట పరిచయమే: "సార్, నోట్సు చదువుతుంటే అంతా అర్థమవుతుంది. నోట్సు మూసి చేయమంటే మొదటి గీత దగ్గరే ఆగిపోతున్నాను." ఆ పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. నోట్సులోని లెక్కలో నిర్ణయాలన్నీ ఎవరో ముందే తీసేసుకున్నారు. చదివేవాడికి మిగిలింది గుణకారాలు సరిచూసుకోవడమే. నిర్ణయం తీసుకోవలసిన చోట ఖాళీ పెట్టి, మిగతాది ముందే రాసి ఇస్తే ఆ పిల్లవాడి చేయి కదులుతుంది. అలాంటి పత్రాన్ని ఎలా తయారు చేయాలో ఒకే ఒక్క లెక్కతో చివరిదాకా చూపిస్తాను. లెక్క తరుగుదలది: తగ్గుతున్న నిల్వల పద్ధతి, నడుమ ఒక కొత్త యంత్రం కొనడం, పాతది అమ్మేయడం. ఈ మూడూ కలిసిన లెక్కలోనే పిల్లలు ఎక్కువగా తడబడతారు.

ముందు మాట సంగతి తేల్చుకోవాలి. మన నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్లలో, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది మరాఠీ మాధ్యమంలో చదువుతారు. తెలుగు మాట్లాడగలరు కానీ తెలుగు అక్షరాలు చదవలేరు. తరుగుదలకు వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉన్న మాట "ఘసారా". నేను మొదట్లో నోటితో "తరుగు" అని చెప్పేవాడిని. మిర్చి మార్కెట్‌కు తండ్రితో పాటు వెళ్లే కుర్రాడికి తరుగు అంటే బస్తా తూకంలో తీసేసే కిలోలు. ఒకడు యంత్రం ఖరీదులోంచి తరుగు ఒక్కసారే తీసేసి, తర్వాతి సంవత్సరాల్లో దాని ఊసే ఎత్తలేదు. తూకంలో తరుగు ఒక్కసారే తీస్తారు కదా! అప్పటినుంచి పత్రం మీద పరీక్షలో కనబడే మాటే, అంటే ఘసారాయే, మరాఠీ లిపిలో వేస్తున్నాను. వివరణ మాత్రం నోటితో తెలుగులో చెబుతాను. ఈ వ్యాసంలో తరుగుదల అనే రాస్తాను, మీ పత్రంలో మాత్రం మీ పిల్లల పరీక్ష ఏ భాషలో ఉంటే ఆ మాటే వేయండి.

మొదటి పని: నోట్సులో దాగిన మెట్లను బయటికి తీయడం

నా దగ్గర ఉన్న పాత నోట్సులో లెక్క ఇలా ఉంది. 1 ఏప్రిల్ 2020న మిర్చి పొడి పట్టే యంత్రం ఒకటి 80,000 రూపాయలకు కొని, బిగించడానికి 20,000 ఖర్చు పెట్టారు. 1 అక్టోబరు 2021న 40,000తో ఇంకొకటి కొన్నారు. 30 సెప్టెంబరు 2022న మొదటిదాన్ని 70,000కు అమ్మేశారు. తరుగుదల ఏడాదికి 10 శాతం, తగ్గుతున్న నిల్వల మీద. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది.

దాని కింద నోట్సు మొదటి యంత్రం గురించి ఇంతే చెబుతుంది: తరుగుదల 10,000, 9,000, 4,050, పుస్తక విలువ 76,950, నష్టం 6,950. అంకెలన్నీ సరైనవే. కానీ 4,050 ఎక్కడినుంచి వచ్చింది? అది 81,000 మీద, 10 శాతం చొప్పున, ఆరు నెలలకు. ఈ మూడు సంగతుల్లో ఒక్కటీ కాగితం మీద లేదు. రాసినవాడి తలలోనే ఉండిపోయాయి.

కాబట్టి ముందుగా ఆ లెక్కను మీరే కాగితం మీద మళ్లీ చేయండి, నోట్సు చూడకుండా. చేస్తున్నప్పుడు చేయి ఆగిన ప్రతి చోటా, "ఏది తీసుకోవాలి?" అని క్షణం ఆలోచించిన ప్రతి చోటా పక్కన చుక్క పెట్టండి. మొదటి యంత్రానికి నాకు పడిన చుక్కలు ఐదు: ఖరీదులో బిగింపు ఖర్చు కలపాలా, రెండో ఏడు తరుగుదల దేని మీద, అమ్మిన ఏడు ఎన్ని నెలలకు, అమ్మకపు ధరను దేనితో పోల్చాలి, వచ్చినది లాభమా, నష్టమా. ఖాళీలు పెట్టవలసినవి ఈ ఐదు చోట్లే. మిగిలినదంతా క్యాల్క్యులేటర్ చేసే పని.

రెండో పని: తప్పు కనబడేలా అంకెలు మార్చడం

చాలామంది నోట్సు అంకెలనే ఉంచి కొన్నిటిని చెరిపేస్తారు. అక్కడే పత్రం దెబ్బతింటుంది. పై లెక్కలో తేదీలు చూడండి: అక్టోబరు 1, సెప్టెంబరు 30. కొన్న తేదీ నుంచి మార్చి దాకా ఆరు నెలలు, ఏప్రిల్ నుంచి కొన్న తేదీ దాకా కూడా ఆరు నెలలే. అమ్మకం దగ్గరా అంతే. నెలలు ఏ వైపు లెక్కపెట్టాలో తెలియని పిల్లవాడికి కూడా 6 అనే జవాబు వచ్చేస్తుంది, మీరు టిక్కు పెట్టేస్తారు. పుస్తకాల్లో ఈ రెండు తేదీలు ఎక్కువగా వాడేది లెక్క తేలికగా ఉండాలనే. కానీ ఆ తేలికతనమే తప్పును దాచేస్తుంది.

మొదటి ఏడాదిదీ ఇదే సంగతి. అసలు ఖరీదు మీద తీసినా, నిల్వ మీద తీసినా 10,000 వస్తుంది. ఆ గీతలో ఖాళీ పెడితే పిల్లవాడికి పద్ధతి తెలుసో లేదో మీకు తెలియదు. రెండో ఏడులో పెడితే వెంటనే తెలుస్తుంది.

అందుకని నేను అంకెలన్నీ మార్చి కొత్త లెక్క చేసుకున్నాను. 1 ఏప్రిల్ 2020న యంత్రం ధర 1,10,000, లారీ కిరాయి 4,000, బిగింపు 6,000. 1 డిసెంబరు 2021న రెండో యంత్రం 60,000. 30 జూన్ 2022న మొదటిది 90,000కు అమ్మకం. రేటు అదే 10 శాతం. ఇప్పుడు కొన్నవైపు సరైన నెలలు 4, తప్పుగా లెక్కపెడితే 8. అమ్మినవైపు సరైనవి 3, తప్పువి 9. ఏ తప్పు చేసినా వేరే అంకె బయటపడుతుంది.

మూడో పని: గీతలు రాయడం

మొదటి యంత్రానికి పూర్తి పత్రం, ఖాళీలు పెట్టకముందు, ఇలా ఉంటుంది.

1. యంత్రం మొత్తం ఖరీదు = 1,10,000 + 4,000 + 6,000 = 1,20,000
2. 2020–21 తరుగుదల = 1,20,000 × 10% = 12,000; మిగిలిన నిల్వ 1,08,000
3. 2021–22 తరుగుదల = 1,08,000 × 10% = 10,800; మిగిలిన నిల్వ 97,200
4. 2022–23లో యంత్రం మన దగ్గర ఉన్న నెలలు = 3 (ఏప్రిల్, మే, జూన్)
5. ఆ నెలల తరుగుదల = 97,200 × 10% × 3/12 = 2,430
6. అమ్మిన రోజు పుస్తక విలువ = 97,200 – 2,430 = 94,770
7. అమ్మకపు ధర 90,000; నష్టం = 94,770 – 90,000 = 4,770

ఇప్పుడు ఖాళీ ఎక్కడ? ఐదో గీతను "97,200 × 10% × 3/12 = ______" అని ఇస్తే మీరు పరీక్షించేది గుణకారాన్ని మాత్రమే. "______ × 10% × ______/12 = ______" అని ఇవ్వండి. పిల్లవాడు దేని మీద, ఎన్ని నెలలకు అనేవి రెండూ తానే తేల్చుకోవాలి. నాలుగో గీతలో అంకె ఒక్కటే అడగకండి, నెలల పేర్లు రాయించండి. 3 అని ఎవరైనా ఊహించి రాయవచ్చు. "ఏప్రిల్, మే, జూన్" అని రాసినవాడికి విషయం తెలిసినట్టే.

ఏడో గీత దగ్గర నేను రెండేళ్ల పాటు ఒక పొరపాటు చేశాను. "నష్టం = ______" అని అచ్చు వేసేవాడిని. గీత పేరే జవాబు చెప్పేస్తోంది! అది లాభమో నష్టమో తేల్చడమే కదా అక్కడి నిర్ణయం. ఇప్పుడు "లాభం / నష్టం, వర్తించనిది కొట్టివేయండి" అని రాసి, పక్కన ఖాళీ ఇస్తున్నాను. అలాగే ఒకటో గీతలో "______ + ______ + ______" అని మూడు ఖాళీలు పెడితే మూడు అంకెలు కలపాలని ముందే చెప్పినట్టవుతుంది. అక్కడ ఒకే పొడవైన గీత ఇచ్చి, ఏమేమి కలపాలో వాళ్లకే వదిలేయండి. మిగతా ఖాళీల పొడవు మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి. చిన్న ఖాళీ చూస్తే జవాబు చిన్న అంకె అని పిల్లలు ఇట్టే పసిగడతారు.

నాలుగో పని: ఖాళీలను చివరి నుంచి ముందుకు పెంచడం

ఒకే పత్రంలో అన్ని ఖాళీలూ పెట్టి ఇస్తే అది మామూలు లెక్కే, పేరు మాత్రం వేరు. చేసి చూపిన లెక్కల మీద జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితంతో చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. కొత్తగా నేర్చుకునేవారికి ఊరికే లెక్కలు ఇవ్వడం కన్నా పూర్తిగా చేసిన లెక్కలు చదివించడం మేలు చేస్తుందని అందులో తేలింది. తర్వాత అలెగ్జాండర్ రెంకెల్, రాబర్ట్ అట్కిన్సన్ ఆ చేసిన లెక్కలోంచి ఒక్కో మెట్టే తీసేస్తూ పోయే పద్ధతిని పరిశీలించారు. మొదట చివరి మెట్టును ఖాళీ చేసి, క్రమంగా వెనక్కి రావడం వాటిలో ఒకటి. తరుగుదల లెక్కకు ఇది చక్కగా అతుకుతుంది, ఎందుకంటే ముందు గీతలోని అంకె తప్పయితే వెనక ఉన్నదంతా తప్పుతుంది. చివర ఖాళీ పెట్టినప్పుడు పిల్లవాడి చేతిలో అప్పటిదాకా సరైన అంకెలే ఉంటాయి, కాబట్టి తప్పు జరిగితే అది ఆ ఒక్క మెట్టుదే.

నేను నాలుగు పత్రాలు చేస్తాను. మొదటిదానిలో ఆరు, ఏడు గీతలు మాత్రమే ఖాళీ. రెండోదానిలో నాలుగు నుంచి ఏడు దాకా. మూడోదానిలో మూడో గీత నుంచి. నాలుగోదానిలో గీతల పేర్లు తప్ప అన్నీ ఖాళీ. ఐదోసారి ప్రశ్న రాసి, తెల్ల కాగితం ఇస్తాను. ప్రతి పత్రానికీ అంకెలూ తేదీలూ కొత్తవి ఉండాలి. లేకపోతే రెండో పత్రం నింపేవాడు మొదటిదాన్ని పక్కన పెట్టుకుని చూసి రాస్తాడు. ఒక్క పత్రంలోనైనా అమ్మకంలో లాభం రావాలి. అన్నిటిలోనూ నష్టమే వస్తే "ఎప్పుడూ నష్టమే" అనే నియమం ఒకటి తయారవుతుంది.

రెండో యంత్రాన్ని మొదటి రెండు పత్రాల్లో పూర్తిగా చేసి చూపిస్తాను, మూడోదానిలో మాత్రమే ఖాళీ చేస్తాను. దాని గీతలు చిన్నవి: 60,000 × 10% × 4/12 = 2,000, నిల్వ 58,000; తర్వాతి ఏడాది తరుగుదల 5,800, నిల్వ 52,200.

ఐదో పని: తప్పు జవాబుల చిట్టా

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ కాగితమే. సరైన జవాబులతో పాటు, ఏ తప్పు అంకె వస్తే ఏ తప్పు ఆలోచన జరిగిందో ముందే లెక్కగట్టి రాసుకోవాలి. ఐదో గీతకు నా చిట్టా ఇది.

- 2,430: సరైనది.
- 3,000: తగ్గిన నిల్వను వదిలి అసలు ఖరీదు 1,20,000 మీద తీశాడు.
- 7,290: 9 నెలలు వేశాడు, అంటే అమ్మిన తేదీ నుంచి మార్చి దాకా లెక్కపెట్టాడు.
- 9,720: నెలల సంగతే పట్టించుకోకుండా ఏడాది మొత్తానికి తీశాడు.
- 2,227.50: కిరాయి, బిగింపు ఖర్చులు ఖరీదులో కలపలేదు.

కంప్యూటర్‌లో పట్టిక ఉంటే ఈ తప్పు అంకెలను ప్రతి కొత్త పత్రానికీ చేత్తో కట్టనవసరం లేదు. A2లో ఆ ఏడాది మొదటి నిల్వ, B2లో 10% అని రేటు, C2లో సరైన నెలలు, D2లో అసలు ఖరీదు పెట్టుకుంటే నాలుగు సూత్రాలు చాలు: సరైనది, నెలలు తిరగేసింది, ఖరీదు మీద తీసింది, ఏడాది మొత్తానిది.

```
=A2*B2*C2/12
=A2*B2*(12-C2)/12
=D2*B2*C2/12
=A2*B2
```

నాలుగింటిలో ఏ రెండు ఒకటైనా ఆ లెక్క పనికిరాదు, తేదీ మార్చండి. నోట్సులోని 6 నెలల లెక్కను ఇందులో వేసి చూడండి, మొదటి రెండూ ఒకటే వస్తాయి. కిరాయి కలపని తప్పు ఈ నాలుగింటిలోకి రాదు, దాన్ని మాత్రం విడిగా కట్టుకోవాలి.

ఈ చిట్టా చేతిలో ఉంటే దిద్దడం వేరే పని అయిపోతుంది. ఒక అమ్మాయి రెండో పత్రంలో 7,290 వేసి తెచ్చింది. గీతలో నెలల పేర్లు జూలై నుంచి మార్చి దాకా శ్రద్ధగా, తొమ్మిదీ రాసింది. "ఎందుకమ్మా ఇవి తీసుకున్నావు?" అని అడిగితే, "కొన్నప్పుడు కొన్న తేదీ నుంచి మార్చి దాకా అన్నారు కదా సార్, అమ్మినప్పుడూ అంతే అనుకున్నాను" అంది. తను నేర్చుకున్నది తేదీ నుంచి మార్చికి వెళ్లడం. నేను నేర్పవలసింది యంత్రం మన షెడ్డులో ఎన్ని నెలలు ఉందో అడగడం. ఆ రోజే నాలుగో గీత పేరును "నెలల సంఖ్య" నుంచి "యంత్రం మన దగ్గర ఉన్న నెలలు" అని మార్చాను. కొనుగోలుకూ అమ్మకానికీ ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్నే సరిపోతోంది.

ఆరో పని: ఖాతా, సరిచూపు

పై గీతలన్నీ వచ్చాకే యంత్రాల ఖాతా నమూనా ఇవ్వాలి. ముందే ఇస్తే పిల్లలు అంకె ఎలా వచ్చిందో వదిలేసి ఏ గడిలో వేయాలో ఆలోచిస్తారు. 2022–23 ఖాతాలో డెబిట్ వైపు ప్రారంభ నిల్వ 1,55,200, అంటే 97,200 మరియు 58,000. క్రెడిట్ వైపు జూన్ 30న బ్యాంకు 90,000, తరుగుదల 2,430, అమ్మకపు నష్టం 4,770. మార్చి 31న తరుగుదల 5,800, ముగింపు నిల్వ 52,200. రెండు వైపులా 1,55,200. ఇక్కడ తేదీల గడిని కూడా ఖాళీగా ఉంచండి. అమ్మిన యంత్రం తరుగుదలను మార్చి 31 కింద వేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

రెండు వైపులూ సమానమైతే లెక్క సరైనదే అని పిల్లలకు చెప్పకండి. ఇది నేను గట్టిగా పట్టుకునే విషయం. 7,290 వేసిన అమ్మాయికి పుస్తక విలువ 89,910 వచ్చింది, 90,000కు అమ్మారు కాబట్టి 90 రూపాయల లాభం తేలింది. ఆ లాభాన్ని డెబిట్ వైపు వేస్తే ఆమె ఖాతా కూడా 1,55,290 దగ్గర చక్కగా కలిసిపోయింది. తరుగుదలలో ఎక్కువ పోయింది నష్టంలో తగ్గిపోతుంది, అంతే. అసలు తరుగుదలే తీయకపోయినా నష్టం 7,200 అయి ఖాతా కలుస్తుంది. ఖాతా కలవడం వల్ల కూడికలో, గడిలో జరిగిన తప్పులు మాత్రమే పట్టుబడతాయి. నెలల తప్పు, నిల్వ తప్పు చిట్టాలోనే పట్టుబడతాయి.

దిద్దేటప్పుడు, ఆపేటప్పుడు

మూడో గీతలో తప్పు జరిగితే కింద నాలుగు గీతలకూ సున్నా వేయకండి. అతని అంకెతోనే కింది గీతలు సరిచూడండి. 3వ గీతలో 12,000 వేసి నిల్వ 96,000 తెచ్చుకున్నవాడు, ఐదో గీతలో 96,000 × 10% × 3/12 = 2,400 వేస్తే అక్కడ అతను సరిగ్గానే చేశాడు. మూడో, నాలుగో పత్రాల్లో నేను అడుగున మడిచిన అంచు ఒకటి ఉంచి, లోపల మూడో గీత నిల్వ రాస్తాను. మూడో గీత నింపాకే మడత విప్పాలి. అంకె కలవకపోతే అక్కడే ఆగి వెనక్కి చూస్తారు.

ఎప్పుడు ఆపాలి అనేదానికి నా గుర్తు ఇది: పిల్లవాడు ఖాళీ నింపకముందే పత్రం బయట, అంచున తన సొంత గీతలు వేసుకుంటున్నాడంటే అతనికి ఇక పత్రం అడ్డమే. స్లావా కల్యూగ మొదలైనవారి పరిశోధనల్లో కూడా బాగా వచ్చినవారికి ఇలాంటి ఆసరా మేలు చేయకపోగా ఆటంకమవుతుందని తేలింది. అలాంటివాడికి మూడో పత్రం వదిలేసి నేరుగా తెల్ల కాగితం ఇస్తాను. మిగతావాళ్లతో పాటు నాలుగూ నింపించాలని పట్టుబట్టను.

నిండిన పత్రాలు పారేయకండి. ఏడాది చివర వాటిలో నా చిట్టాలో లేని తప్పు అంకెలు వెతుకుతాను. పోయినసారి రెండో యంత్రానికి 2022–23లో ఇద్దరు 1,933.33 వేశారు. చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత తట్టింది: కొన్న ఏడాది 4/12నే తర్వాతి ఏడుకూ వేశారు, 58,000 × 10% × 4/12. రెండో ఏడుకు ఆ యంత్రం పన్నెండు నెలలూ మన దగ్గరే ఉందని వాళ్లకు తోచలేదు. ఈసారి పత్రంలో ఆ గీతకు కూడా నెలల ఖాళీ పెట్టాను, చిట్టాలో 1,933.33 చేర్చాను.